కాటా మీద పరుపు

మా చిన్నతనంలో కొత్తచెరువులో పరుపంటే బూరుగు దూది. ఎన్ని కిలోలు కుక్కాలో ముందే మాట్లాడుకుని, కళ్లముందే తూయించుకునేవాళ్లం. ఫోమ్ వచ్చాక తూకం పోయి ఇంచులు మిగిలాయి. పోయినేడు అమ్మకు పరుపు కొన్నప్పుడు నేనూ ఇంచులే చూశాను: పొడవు 72, వెడల్పు 36, మందం 4. '40 డెన్సిటీ' అన్నారు, 3,000 రూపాయలిచ్చాను. ఆరునెలలకే నడుము ఆనే చోట గుంత పడింది.

డెన్సిటీ అంటే గట్టిదనం అనుకుంటాం. కాదు, అది బరువు. ఒక ఘనపు మీటరు ఫోమ్ 40 కిలోలు తూగితే అది 40 డెన్సిటీ. మెత్తగా ఉంటూనే బరువైన ఫోమూ ఉంది, నొక్కితే గట్టిగా ఉన్నా తేలికైనదీ ఉంది. తయారీలో రసాయనాల పాళ్లు మార్చి గట్టిదనం తెప్పించవచ్చు. అందుకే అంగట్లో బొటనవేలితో నొక్కి చూస్తే మోసపోతాం. నలభై డెన్సిటీలో కూడా అసలు పదార్థం నూటికి మూడు వంతులే, తక్కినదంతా గాలి. ఆ మూడు వంతుల్లో తగ్గించేస్తే పరుపు త్వరగా కుంగుతుంది.

కవరు జిప్పు తీసి, ఫోమును చుట్టి తాడుతో కట్టి, చెనక్కాయలు తూచే కాటా మీద పెట్టించాను. అయిదున్నర కిలోలు. ఇంచులు మూడూ హెచ్చవేసి 1728తో భాగిస్తే ఘనపు అడుగులొస్తాయి, వ్యాపారులు సీఎఫ్‌టీ అంటారు. మా పరుపు సరిగ్గా ఆరు. ఘనపు మీటరుకు 35.3 ఘనపు అడుగులు కాబట్టి, 40 డెన్సిటీ అయితే అడుగుకు కిలో నూటముప్పై గ్రాములు, మొత్తం 6.8 కిలోలు రావాలి. మాది అడుగుకు 917 గ్రాములే. దాన్ని 35.3తో హెచ్చవేస్తే 32. నలభై అని చెప్పి ముప్పైరెండు కట్టబెట్టారు. అమ్మ నడుము తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

రెండోసారి కాటా ఉన్న అంగడి వెతుక్కున్నాను. అదే కొలత పరుపు, ఘనపు అడుగు 550 చొప్పున 3,300 అన్నారు. పాతది అడుగుకు 500 పడింది కదా, ఇది ఎక్కువేమో అనిపించింది. తూస్తే 6.7 కిలోలు, అంటే 39 డెన్సిటీ పైనే. కిలో లెక్కన చూస్తే పాతది 545, కొత్తది 493. అడుగు ధర తక్కువున్నదే ఖరీదైన పరుపు!

తూకాన్నీ గుడ్డిగా నమ్మకూడదు. బరువు కోసం సుద్దపొడి కలిపే ఫోమూ ఉంది. "అంచు గిల్లి చూడప్పా, పొడి రాలితే వద్దను" అన్నాడు కాటా దగ్గరి పెద్దాయన. ముక్కలు అతికించిన రీబాండెడ్ ఫోమ్ ఇంకా చాలా బరువు తూగుతుంది. దాన్ని మామూలు ఫోముతో పోల్చకూడదు. టేపు కూడా పట్టుకెళ్లండి. నాలుగు ఇంచులని చెప్పింది మూడున్నరే ఉంటే ఆరు అడుగులు కాస్తా అయిదుంబావు అవుతాయి.