‘సాలూరు’ ‘సాలూర’గా మారినప్పుడు: చెదిరిన తెలుగు పాఠాన్ని గుర్తించే పద్ధతి

వ్యాససంగ్రహం: ఒకచోటి నుంచి మరొకచోటికి నకలు చేసి అతికించిన తెలుగు పాఠంలో వత్తులు విడిపోవడం, గుణింతపు గుర్తులు రాలిపోవడం పరిశోధకులకు పరిచితమైన అనుభవమే. ఇవన్నీ ఒకే రకమైన దోషాలు కావు. కొన్నింటిలో అక్షరాల క్రమం మాత్రమే తప్పుతుంది. కొన్నింటిలో అక్షరమే పోతుంది. ‘సాలూరు’ అనే ఊరిపేరును ఉదాహరణగా తీసుకొని, ఈ రెండింటినీ వేరుచేసి గుర్తించే విధానాన్నీ, గుర్తించకుండా దిద్దడం వల్ల సాహిత్య విమర్శకు కలిగే నష్టాన్నీ ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: పాఠపరిష్కరణ, యూనికోడ్, పొల్లు, కొమ్ము, మాండలికం, సాలూరు.

1. ఉపోద్ఘాతం

సాలూరు వేగావతి నది ఒడ్డున ఉన్న పట్టణం. విజయనగరం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. ఈ పేరులో సంయుక్తాక్షరం లేదు. మూడు హల్లులు, వాటికి మూడు గుణింతపు గుర్తులు మాత్రమే ఉన్నాయి. పాఠం చెదిరినప్పుడు ఇంత తేలికైన పేరుకు ఏ ప్రమాదమూ ఉండదని అనిపించవచ్చు. కాని ఒక రకమైన దోషంలో ఈ పేరు చివరి కొమ్ము పోయి ‘సాలూర’గా మిగులుతుంది. నిజామాబాద్ జిల్లాలో బోధన్ సమీపాన, మహారాష్ట్ర సరిహద్దున, సాలూర అనే ఊరు నిజంగానే ఉంది. అందువల్ల దెబ్బతిన్న ఈ పదం వర్ణక్రమ నియమానికి లోబడే ఉంటుంది, ఊళ్ల జాబితాలోనూ దొరుకుతుంది. చదివేవారికి అది దోషమని తోచే అవకాశమే ఉండదు. పాఠకుణ్ణి ఉత్తరాంధ్ర నుంచి తెలంగాణ సరిహద్దుకు తీసుకుపోయే ఈ దోషం ఎలా పుడుతుందో తెలిస్తేనే దాన్ని పట్టుకోవడం సాధ్యమవుతుంది.

2. క్రమం తప్పిన పాఠం

మొదట సులభమైన దోషాన్ని చూడాలి. పాత పత్రికల నుంచీ, పీడీఎఫ్ పుటల నుంచీ తీసిన పాఠాల్లో ‘వచ్చిన’ అనే మాట ‘వచి్చన’గానూ, ‘బొబ్బిలి’ ‘బొబి్బలి’గానూ కనిపిస్తాయి. దీనికి కారణం తెలుగు లిపి స్వభావంలోనే ఉంది. యూనికోడ్‌లో ‘బ్బి’ని బ, పొల్లు, బ, గుడి అనే వరుసలో భద్రపరుస్తారు. పుట మీద మాత్రం గుడి పై బకారానికి తగులుకుంటుంది, రెండో బకారం వత్తుగా కిందికి దిగుతుంది. పుట మీది రూపాల వరుసను అనుసరించి పాఠాన్ని తిరిగి పొందినప్పుడు ముందు ‘బి’, ఆ తరువాత బావత్తు వస్తాయి. అక్షరాలన్నీ ఉన్నాయి, వరుస మాత్రమే మారింది.

ఈ దోషాన్ని గుర్తించడానికి ఒక్క నియమం చాలు. తెలుగులో గుణింతపు గుర్తు తరువాత పొల్లు రాదు. వచ్చిందంటే పాఠం చెదిరిందని నిశ్చయించవచ్చు. వెతకడానికి ఈ కింది సూత్రం సరిపోతుంది:

```
[\u0C3E-\u0C4C]\u0C4D
```

మరమ్మతు కూడా నిశ్చితమే. గుణింతపు గుర్తును వత్తు దాటించి చివర పెడితే మూలరూపం తిరిగి వస్తుంది. ఇక్కడ పరిష్కర్త ఊహించవలసింది ఏమీ లేదు. కంటికి ఎంత వికారంగా కనిపించినా, పాఠపరిష్కరణ దృష్టిలో ఇది అతి తక్కువ హానిచేసే దోషం.

3. అక్షరం పోయిన పాఠం

రెండో దోషం ఇందుకు భిన్నమైనది. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరమూ, ప్రతి గుర్తూ మూడేసి బైట్లుగా నిలుస్తుంది. ‘సాలూరు’ అనే మాట పద్దెనిమిది బైట్లు:

```
స  E0 B0 B8
ా  E0 B0 BE
ల  E0 B0 B2
ూ  E0 B1 82
ర  E0 B0 B0
ు  E0 B1 81
```

ఈ బైట్లను యూటీఎఫ్-8గా కాక, పాశ్చాత్య భాషలకోసం ఏర్పడిన విండోస్-1252 పట్టిక ప్రకారం చదివితే `à°` అనీ `à±` అనీ మొదలయ్యే గుర్తుల వరుస తెర మీదికి వస్తుంది. దీన్ని చూసిన ఎవరికైనా పాఠం చెడిందని వెంటనే తెలుస్తుంది. అసలు హాని ఆ తరువాత జరుగుతుంది. విండోస్-1252 పట్టికలో 81, 8D, 8F, 90, 9D అనే ఐదు స్థానాలు ఖాళీగా ఉన్నాయి. వాటిలో పడిన బైట్లను కొన్ని సాధనాలు అప్పుడే వదిలేస్తాయి. మరికొన్ని వాటిని కంటికి కనిపించని నియంత్రణ సంకేతాలుగా ఉంచుతాయి. అటువంటి పాఠాన్ని నకలు తీసి, కనిపించని సంకేతాలను తొలగించే సాధనంలో అతికిస్తే అవీ పోతాయి. ఆ మీదట ఎవరో పాఠాన్ని తిరిగి తెలుగులోకి మారుస్తారు. మూడో బైటు లేని అక్షరాలు ఇక తిరిగి రావు.

వాడుకలో ఉన్న తెలుగు అక్షరాల్లో, గుర్తుల్లో ఈ ఖాళీల్లో పడేవి ఆరు: కొమ్ము (ు), పొల్లు (్), అరసున్న (ఁ), ఏ, ఐ, ఝ. వీటికి ఆకారంలో గాని, ఉచ్చారణలో గాని, వ్యాకరణంలో గాని పోలిక లేదు. పాత తాళపత్రాల లేఖకుడు పొరబడితే దానికి కంటితోనో చెవితోనో సంబంధం ఉండేది. ఒకదానికొకటి దగ్గరగా కనిపించే అక్షరాలనో, దగ్గరగా వినిపించే అక్షరాలనో అతడు తారుమారు చేసేవాడు. ఇక్కడ పొరపాటుకు సంఖ్య ఒక్కటే ఆధారం. అందువల్ల లేఖకదోషాలను పట్టడంలో ఆరితేరిన పండితుడు కూడా దీని తీరును అక్షరాల నుంచి ఊహించలేడు.

ఒక వాక్యాన్ని ఈ దశల గుండా నడిపిస్తే ఫలితం స్పష్టమవుతుంది. పైథాన్‌లో ఇది రెండు వరుసల పని:

```
t = s.encode("utf-8").decode("cp1252", "ignore")
u = t.encode("cp1252").decode("utf-8", "ignore")
```

“వేగావతి ఒడ్డున ఉన్న సాలూరు ఏజెన్సీ గ్రామాలకు ద్వారం” అనే వాక్యం ఇలా మిగులుతుంది: “వేగావతి ఒడడన ఉనన సాలూర జెనసీ గరామాలక దవారం.” వేగావతికి ఏమీ కాలేదు. గుడి, ఏత్వం, దీర్ఘం, సున్న భద్రంగా ఉన్నాయి. కొమ్ములూ పొల్లులూ ఒక్కటి మిగలకుండా పోయాయి. ఏకారంతో మొదలయ్యే ‘ఏజెన్సీ’ మొదటి అక్షరాన్నే కోల్పోయింది. పొల్లు పోవడం వల్ల సంయుక్తాక్షరాలు విడి హల్లులయ్యాయి. అయినా మిగిలిన వరుసలో వర్ణక్రమ నియమానికి విరుద్ధమైనది ఏదీ లేదు. వెనకటి విభాగంలోని సూత్రం ఈ వాక్యంలో ఒక్క దోషాన్నీ చూపలేదు.

4. గుర్తించడం ఎలా

నియమం పట్టలేని ఈ దోషాన్ని లెక్క పట్టగలదు. తెలుగు అజంత భాష. ఉకారంతో ముగిసే పదాలు అడుగడుగునా ఉంటాయి. ద్విత్వాలు, సంయుక్తాలు లేని పేరా అరుదు. కాబట్టి ఒక పుటలో దీర్ఘాలు, గుడులు మామూలుగా ఉండి, ఒక్క కొమ్ము గాని ఒక్క పొల్లు గాని లేకపోతే అది రచయిత శైలి కాదు. రెండూ ఒకేసారి సున్నకు చేరడమే ఈ దోషపు ముద్ర. కొమ్ముదీర్ఘం మిగిలి కొమ్ము మాత్రం పోవడం దానికి తోడు సాక్ష్యం.

ఊరిపేర్లు ఈ పరీక్షకు బాగా ఉపకరిస్తాయి. ఒకే జాబితాలో ‘విజయనగరం’, ‘పాచిపెంట’ సరిగా ఉండి, ‘మకకవ’, ‘బొబబిలి’, ‘పారవతీపరం’ కనిపిస్తే, పక్కనున్న ‘సాలూర’ బోధన్ దగ్గరి ఊరు కాదని తేలుతుంది. ఒక పదాన్ని విడిగా చూసి తీర్పు చెప్పలేము. దాని ఇరుగుపొరుగు పదాలే తీర్పు చెబుతాయి. ఈ పద్ధతికి హద్దు కూడా అక్కడే ఉంది. రెండు మూడు మాటల చిత్రవ్యాఖ్యకు, ఒంటరి శీర్షికకు లెక్క పనిచేయదు. అక్కడ మూలప్రతిని చూడక తప్పదు.

ఏది పోలేదో తెలియడం కూడా ఉపయోగమే. సాలూరు దగ్గరి శివరామపురంలో 1922లో జన్మించిన సంగీత దర్శకుడు రాజేశ్వరరావు ఇంటిపేరు ‘సాలూరు’ అనీ ‘సాలూరి’ అనీ రెండు విధాలా అచ్చులో కనిపిస్తుంది. ఈ దోషంలో గుడి పోదు. కనుక చెదిరిన ప్రతిలో ‘సాలూర రాజేశవరరావ’ అని ఉంటే మూలంలో ‘సాలూరి’ లేదని నిశ్చయంగా చెప్పవచ్చు. ‘సాలూరు’, ‘సాలూర్’ అనే రెండింటిలో ఏదన్నది మాత్రం ఆ ప్రతి చెప్పలేదు.

5. దిద్దుబాటులోని ప్రమాదం

చెదిరిన పాఠం కంటే సగం దిద్దిన పాఠం ఎక్కువ హాని చేస్తుంది. ఉత్తరాంధ్ర వ్యవహారంలో ‘వస్తున్నాడు’ అనే చోట ‘వస్తన్నాడు’ అనే రూపం వినిపిస్తుంది. ఆ ప్రాంత కథకులు సంభాషణల్లో ఇటువంటి రూపాలను వాడతారు. పాత్ర ఎవరో, ఎవరితో మాట్లాడుతున్నదో చెప్పడానికి వారికి అది ఒక సాధనం. పై దోషానికి గురైతే ‘వస్తున్నాడు’, ‘వస్తన్నాడు’ రెండూ ‘వసతననాడ’గానే మిగులుతాయి. దిద్దే వ్యక్తి పొల్లులను, చివరి కొమ్మును సులభంగానే నిలబెడతాడు. నడిమి కొమ్ము దగ్గర అతనికి ఆధారం లేదు. నిఘంటువును నమ్మితే మాండలికమంతా ప్రామాణిక భాషగా మారుతుంది. ‘ఇది ఉత్తరాంధ్ర కథ కదా’ అనుకుంటే రచయిత రాయని యాస వచ్చి చేరుతుంది.

రెండు సందర్భాల్లోనూ ఫలితం శుభ్రంగా కనిపిస్తుంది. తరువాతి విమర్శకుడు ఆ సంభాషణ ఆధారంగా రచయిత భాషాదృష్టి గురించి ఒక ప్రతిపాదన చేస్తే, అది రచయిత మీద కాక దిద్దినవారి ఊహ మీద నిలుస్తుంది. సాలూరు చుట్టుపక్కల కొండగ్రామాల పేర్లు, గిరిజన భాషల నుంచి వచ్చిన మాటలు ఇంకా నిస్సహాయమైనవి. అవి సామాన్య నిఘంటువులకు ఎక్కలేదు. ‘ఇది తెలుగు మాట కాదు, చెడిన మాట’ అని దిద్దితే పట్టించుకునే సాక్ష్యం ఉండదు.

చెదిరిన రూపానికీ మాండలిక రూపానికీ తేడా పద వ్యాప్తిలో ఉంది. మాండలికం కొన్ని స్థానాల్లోనే ఉకారాన్ని వదులుతుంది. ‘వస్తన్నాడు’లో నడిమి ఉకారం లేకపోయినా చివరిది నిలిచి ఉంటుంది. యాంత్రికదోషం స్థానం చూడదు. కథనభాగంలోనూ సంభాషణలోనూ, మొదటా చివరా, అన్నిచోట్లా ఒకే తీరుగా తీసేస్తుంది. ఈ తేడా కనబడేది దిద్దక ముందు మాత్రమే. దిద్దిన మరుక్షణం రెండూ ఒకటవుతాయి.

6. ముగింపు

దీని నుంచి పరిష్కర్తకు మూడు విధులు ఏర్పడతాయి. మొదటిది, `à°` గుర్తులతో నిండిన ప్రతి చేతికి వచ్చినప్పుడు దాన్ని శుభ్రం చేయకుండా అలాగే భద్రపరచాలి. కనిపించని సంకేతాలు ఇంకా మిగిలి ఉంటే పాఠమంతా తిరిగి పొందవచ్చు. తొలగిస్తే ఆ అవకాశం ఉండదు. రెండోది, క్రమం తప్పిన దోషాన్ని నిస్సంకోచంగా సరిచేయవచ్చు గాని, అక్షరం పోయినచోట మూలముద్రణ పుట చిత్రాన్ని చూసి మాత్రమే నింపాలి. మూడోది, ఆ చిత్రం దొరకనప్పుడు నింపిన అక్షరాన్ని ‘సాలూర[ు]’ అన్నట్లు కుండలీకరణంలో ఉంచాలి. ముద్రిత పరిష్కరణల్లో శిథిలమైన చోటును పండితులు గుర్తుపెట్టి చూపడం తెలిసినదే. ఆ అలవాటు తెర మీది పాఠానికీ వర్తించాలి. కుండలీకరణంలోని ఆ ఒక్క కొమ్ము పుట అందాన్ని కొంత తగ్గించవచ్చు. కాని ఏది రచయిత రాసినదో, ఏది తరువాతివారు చేర్చినదో పాఠకుడికి చెప్పే సాక్ష్యం అదొక్కటే.