పాత నావికుడి తొలి తుపాను

ముసలి నావికుడు తన తొలి తుపాను కథ మొదలుపెట్టగానే అసలు గుట్టు రట్టయిపోతుంది. మనిషి ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాడు, అంటే బతికి బయటపడ్డాడన్నమాట. ఓడ మునిగిందా, కుర్రాడు పోయాడా అన్న ఉత్కంఠకు ఇక చోటు లేదు. అయినా ఈ రకం కథ వందేళ్లకు పైగా చదివిస్తూనే ఉందంటే, దాన్ని నడిపేది ప్రాణభయం కాదు, మరేదో ఉంది. అదేమిటో తెలియాలంటే ముందు జోసెఫ్ కాన్రాడ్ ‘యూత్’ దగ్గరికి వెళ్లాలి.

1898లో అచ్చయిన ఆ కథలో ఒక బల్ల చుట్టూ అయిదుగురు కూర్చుని ఉంటారు. కంపెనీ డైరెక్టరు, అకౌంటెంటు, లాయరు, కథ మనకు అందించే మనిషి, చెప్పే మార్లో. అందరూ ఒకప్పుడు సముద్రం మీద పనిచేసినవాళ్లే. కాన్రాడ్ ఈ గుంపును ఊరికే కూర్చోబెట్టలేదు. వినేవాళ్లకు పని తెలుసు గనక మార్లో ఏదీ విడమరిచి చెప్పనక్కర్లేదు. తాడు పేరు చెప్పి ముందుకు పోతాడు. మనకు ఆ తాడు ఎక్కడుందో తెలియకపోయినా, పెద్దల మాటలు చాటున వింటున్న పిల్లాడిలా చెవులు రిక్కిస్తాం. మధ్యమధ్య మార్లో కథ ఆపి సీసా ఇటు అందించమంటాడు. అలా ఆపిన ప్రతిసారీ ఇరవై ఏళ్ల కుర్రాడి దగ్గర్నుంచి నలభై రెండేళ్ల మనిషి దగ్గరికి వచ్చి పడతాం.

కిటుకంతా ఈ రెండు వయసుల మధ్యనే ఉంది. కథలోని ఓడ ‘జూడియా’ బొగ్గు వేసుకుని బ్యాంకాక్ బయల్దేరుతుంది. అట్లాంటిక్‌లో గాలివాన పట్టుకుంటుంది, ఓడ కారడం మొదలవుతుంది, మనుషులు రాత్రీ పగలూ పంపు కొడుతూనే ఉంటారు. కుర్ర మార్లోకు ఇదంతా పుస్తకాల్లో చదివిన సాహసంలా ఉంటుంది, లోలోపల మురిసిపోతాడు. అదే కెరటాలకు డెక్ మీది గది కొట్టుకుపోయి, మిగిలిన చెక్కల మధ్య తన పడక మీద మతి తప్పి కూర్చుని కనిపిస్తాడు ఓడలోని స్టీవార్డు. పెద్ద మార్లో ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఊరుకుంటాడు. ఆ రోజు నాకేమీ తెలియలేదని ఎక్కడా బుర్ర బాదుకోడు. ఆ పని మనకు వదిలేశాడు.

అయితే ‘జూడియా’ సరుకు ఓడ. యుద్ధనౌక మీద ఇదే కథ చెప్పాలంటే రెండు సంగతులు మారిపోతాయి. చిన్న సరుకు ఓడలో ఉన్న కొద్దిమందీ అన్నీ చూస్తారు. యుద్ధనౌకలో వందల మంది ఉన్నా ఎవరికి కేటాయించిన చోట వాళ్లు ఉండాలి. తుపాను ముదిరితే పై డెక్ మీదికి ఎవరినీ పోనివ్వరు, హాచ్‌లు బిగించేస్తారు. అందుకని యుద్ధనౌకలోని కొత్త కుర్రాడు తన తొలి తుపానును చాలావరకు చూడడు, వింటాడు. రెండో సంగతి ఆజ్ఞ. అక్కడ పైనుంచి వచ్చిన మాటను ఎందుకని అడిగే హక్కు ఎవరికీ లేదు. తెరచాప ఓడ మీద తుపానుకు దీటుగా నిలబడేది ఆ ఆజ్ఞే.

దీన్ని హెర్మన్ మెల్విల్ కంటే బాగా పట్టుకున్నవాళ్లు తక్కువ. అతను 1843లో హొనలూలులో అమెరికన్ యుద్ధనౌక ‘యునైటెడ్ స్టేట్స్’ మీద మామూలు నావికుడిగా చేరి, మరుసటి ఏడాది బోస్టన్‌లో దిగాడు. 1850లో ‘వైట్ జాకెట్’ రాశాడు. అది నవలే అయినా అందులోని కేప్ హార్న్ తుపాను విడిగా తీసి చదివితే పూర్తి కథ. రాత్రివేళ గాలి ఒక్కసారిగా మీద పడుతుంది. కెప్టెన్ క్లారెట్ పడుకునే బట్టలతోనే బయటికి పరుగెత్తుకొచ్చి, ఓడను గాలికి వీపు పెట్టి పరుగెత్తించమని అరుస్తాడు. డ్యూటీలో ఉన్న లెఫ్టినెంటు మ్యాడ్ జాక్ అదే క్షణంలో చక్రం పట్టుకున్నవాళ్లకు సరిగ్గా దానికి ఎదురు ఆజ్ఞ ఇస్తాడు, గాలికి ముఖం పెట్టమని. ఓడ మ్యాడ్ జాక్ మాట విని బతుకుతుంది. కెప్టెన్ మాటకు అడ్డం వెళ్లడం సైనిక న్యాయస్థానం దాకా పోయే నేరం, కానీ కెప్టెన్ ఆ తర్వాత నోరెత్తడు. కెరటాల ఎత్తు మరిచిపోయిన పాఠకుడికి కూడా ఆ రెండు కేకలు గుర్తుంటాయి.

ఒక మాట చెప్పాలి. ఆ పుస్తకంలో జరిగినవన్నీ మెల్విల్‌కు జరిగినవి కావు. కథకుడు తెరచాప కొయ్య మీదనుంచి సముద్రంలో పడిపోయే ప్రసిద్ధ ఘట్టాన్ని నథానియల్ ఏమ్స్ అనే నావికుడి పుస్తకంలోనుంచి తెచ్చుకున్నాడు. నా దృష్టిలో ఇది దొంగతనం కాదు, ఆ సంప్రదాయం తీరే అంత. ముసలి నావికుడి ‘తొలి తుపాను’లో పక్క పడక మీది వాడి తుపాను కూడా కలిసిపోయి ఉంటుంది.

ఇక ఇంజన్ల కాలానికి వద్దాం. తెరచాపలు పోయాయి, కేకలు టెలిఫోన్‌లోకి వెళ్లాయి. అప్పుడు తుపానులో అసలు ప్రమాదాన్ని చెప్పేది ఏది? పాత నావికుల్ని అడిగితే చాలామంది ఒకటే చెబుతారు, రోలింగ్ వేగం. ఓడ పక్కకు ఒరిగి గబుక్కున లేస్తే కడుపులో పేగులు కదులుతాయి గాని, ఓడ గట్టిగా ఉన్నట్టే. ఒరిగి, అక్కడే కాసేపు ఆగి, బద్ధకంగా లేస్తే బరువు పైకి చేరిందని అర్థం. ఇంధనం ఖర్చయి అడుగు ట్యాంకులు ఖాళీ అయినా, సగం నిండిన ట్యాంకుల్లో ద్రవం అటూ ఇటూ దొర్లుతున్నా, లోపలికి నీళ్లు చేరినా ఇలా జరుగుతుంది. ఖాళీ ట్యాంకుల్లో సముద్రపు నీళ్లు నింపితే ఓడ మళ్లీ కుదురుకుంటుంది. కానీ తర్వాత ఆ నీళ్లు తోడి పోస్తే గాని ఇంధనం ఎక్కించుకోలేరు. అందుకే ఆ ఆజ్ఞ ఇవ్వడానికి వెనకాడతారు.

అలా వెనకాడితే ఏమవుతుందో 1944 డిసెంబరు 18న తెలిసింది. ఫిలిప్పీన్స్ తూర్పున అమెరికన్ అడ్మిరల్ హాల్సీ నౌకాదళం టైఫూన్‌లో చిక్కుకుంది. స్పెన్స్, హల్, మోనగన్ అనే 3 డిస్ట్రాయర్లు తిరగబడి మునిగిపోయాయి. దళం మొత్తం మీద 790 మంది దాకా చనిపోయారు. మోనగన్‌లో మిగిలింది ఆరుగురే. స్పెన్స్‌లో ఇంధనం అడుగంటింది. ముందురోజు నడిసముద్రంలో ఎక్కించుకోబోతే కుదరలేదు. ఇవాళో రేపో నూనె దొరుకుతుందన్న ఆశతో ట్యాంకుల్లో నీళ్లు నింపడం ఆలస్యమైంది.

కథకుడికి ఇంతకంటే మంచి సరుకు దొరకదు. ఎందుకంటే కొత్త కుర్రాడు చప్పుడుకు భయపడతాడు. చప్పుడు తగ్గి ఓడ నెమ్మదించగానే అమ్మయ్య అనుకుంటాడు. సరిగ్గా అప్పుడే పక్కనున్న పెద్దాయన మొహం మారుతుంది. అదే కుర్రాడు ముసలివాడై కథ చెప్పేటప్పుడు ఈ రెండూ అతనికి తెలుసు, కానీ తెలిసిందంతా ముందే కక్కేస్తే కథ చచ్చిపోతుంది.

తెలుగులో ఇది ఎలా ఉంటుందో చూద్దాం. 1960ల చివర్లో సోవియట్ యూనియన్ నుంచి మన నౌకాదళానికి పెట్యా తరగతి నౌకలు వచ్చాయి. సుమారు వెయ్యి టన్నుల చిన్న యుద్ధనౌకలు, విశాఖ రేవుకు బాగా అలవాటైనవి. అలాంటి దానిలో శ్రీకాకుళం వైపు కుర్రాడొకడు ఉన్నాడనుకోండి. ఓడ వెనక భాగంలో, చుక్కాని యంత్రం ఉన్న ఇరుకు గదిలో అతనికి డ్యూటీ. పైనుంచి స్టీరింగ్ చెడిపోతే ఇక్కడ చేత్తో తిప్పాలి. కిటికీ లేదు, ఒక టెలిఫోను ఉంది, తోడుగా ఒక పెట్టీ ఆఫీసరు ఉన్నాడు. నేనైతే ఇలా చెప్పిస్తాను:

“మా కాళ్ల కిందే ప్రొపెల్లర్లు. వెనక భాగం నీళ్లలోంచి లేచిందంటే అవి గాల్లో తిరిగీవి, గది మొత్తం పళ్లు కొరికినట్టు వణికీది. ఆ చప్పుడుకే నాకు సగం ప్రాణం పోయీది. ఆయన మటుకు బీడీల గురించి, పెళ్లాం గురించి ఏదో చెప్తానే ఉన్నాడు. కొక్కేనికి నా తువ్వాలు తగిలించాను. అది గోడకి దూరంగా ఊగీది, టప్‌మని వెనక్కొచ్చీది. అర్ధరాత్రి దాటాక కాస్త నెమ్మదించింది. తువ్వాలు అలా జరిగెళ్లి, అక్కడే ఉండిపోయి, ఎప్పటికో వచ్చింది. ‘తగ్గినట్టుంది కదండీ’ అన్నాను. ఆయన మాట్లాడలేదు. టెలిఫోను తీసి, ‘రోలింగ్ లేటవుతోంది సార్’ అని ఒక్క ముక్క చెప్పి పెట్టీశాడు. నన్ను బూట్లు విప్పీమన్నాడు. ఎందుకో అడగలేదు. విప్పీశాను.”

ఇందులో కెరటం లేదు, ఉరుము లేదు. బూట్లు విప్పమనడం నీళ్లలో ఈదాల్సి వస్తుందేమోనని. కథలో మాత్రం ఆ ముక్క చెప్పకూడదు. ఎప్పుడో పదేళ్ల తర్వాత ఇంకో ఓడలో తనే పెట్టీ ఆఫీసరై ఉన్నప్పుడు రోలింగ్ నెమ్మదించిందని ఒక వాక్యం వేస్తే చాలు. ఆ తొలి రాత్రి మాత్రం ఎవరో ట్యాంకులు నింపమన్నారు, తెల్లవారేసరికి ఓడ మళ్లీ గబగబా ఊగింది, కుర్రాడికి వాంతులయ్యాయి. ఈసారి పెద్దాయన నవ్వాడు. కథ అక్కడ ఆగిపోవచ్చు.

అన్నిటికంటే ఘోరమైన ఘడియను వర్ణించకుండా దాటేయడం కూడా ఈ సంప్రదాయంలో పాత ఎత్తే. 1902లో వచ్చిన ‘టైఫూన్’లో కాన్రాడ్, తుపాను రెండో సగం మీద పడబోతుండగా అధ్యాయం తెంచేస్తాడు. తర్వాతి పేజీలో ఓడ ఉప్పు పట్టి, చితికిపోయి రేవు చేరుతుంది. మధ్యలో ఏమైందో ఆ ఓడ వాలకం చూసి మనమే లెక్కగట్టుకోవాలి.

మన పత్రికల్లో అప్పుడప్పుడూ కనిపించే సముద్రం కథలు దెబ్బతినేది ఇక్కడే. పర్వతాల్లాంటి కెరటాలు, కన్నెర్రజేసిన ఆకాశం, గుండెలు చిక్కబట్టుకున్న నావికులు. ఇవన్నీ ఒడ్డున ఉన్నవాడు రాయగలిగినవే. ఆ రాత్రి ఆ మనిషి చేతిలో ఏముందో వాక్యంలో కనిపించకపోతే, కథకుడు ఓడ ఎక్కలేదని ఇట్టే తెలిసిపోతుంది. దీనికి విరుగుడుగా పడికట్టు మాటలు గుమ్మరించడం ఇంకో జబ్బు. పది యంత్రాల పేర్లు రాస్తే తుపాను రాదు. పైన కథలో పని చేసింది తువ్వాలు.

విశాఖలో, గాజువాక నుంచి భీమిలి దాకా, నౌకాదళంలో పాతికేళ్లు చేసి దిగిన తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. పదో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే మనం తలుపులు బిగించుకుంటాం. యుద్ధనౌకలు మాత్రం రేవులో జెట్టీకి కొట్టుకుని పగిలిపోకుండా ముందే బయటి సముద్రంలోకి వెళ్లిపోతాయి. ఆ ఓడల్లో ఉన్నవాళ్ల కథలు చాలావరకు ఇంకా ఎవరూ రాసుకోలేదు. మీ వీధిలో అలాంటి పెద్దాయన ఉంటే వెళ్లి కూర్చోండి. భయం వేసిందా అని అడగొద్దు, వేసిందనే చెబుతారు, అక్కడితో కథ అయిపోతుంది. ఆ రాత్రి మీ డ్యూటీ ఎక్కడండీ అని అడగండి.