కువైట్ ఇంటి మాట, తెలుగు సంభాషణ

మురమళ్ళ అనగానే వీరేశ్వరస్వామి నిత్యకల్యాణం గుర్తుకు వస్తుంది గాని, ఆ ఊరున్న కోనసీమకు గల్ఫ్ దేశాలతో దశాబ్దాల సంబంధం కూడా ఉంది. ఈ ప్రాంతం నుంచి కువైట్, మస్కట్, దుబాయిలకు ఇంటిపనికి వెళ్ళిన స్త్రీలు నేర్చుకునే అరబ్బీ ఏ పుస్తకంలోనిదీ కాదు, వంటగదిలో వినబడేది. వారి జీవితాలు కథలుగానో, సాక్ష్యాలుగానో తెలుగులోకి రావాలంటే ఆ ఇళ్ళలోని సంభాషణలను అనువదించక తప్పదు, అక్కడే చాలా అనువాదాలు బిగుసుకుపోతాయి.

అరబ్బీలో రాతకు, ప్రసంగానికి వాడే ప్రామాణిక రూపాన్ని ‘ఫుస్‌హా’ అని, ఇంట్లో వీధిలో మాట్లాడేదాన్ని ‘ఆమ్మియ్యా’ అని అంటారు. ఒకే సమాజంలో ఇలా రెండు రూపాలు వేర్వేరు పనులకు నిలిచి ఉండడాన్ని భాషావేత్త చార్లెస్ ఫెర్గూసన్ 1959లో వివరించినప్పుడు, ఆయన ఎంచుకున్న ప్రధాన ఉదాహరణలలో అరబ్బీ ఒకటి. గిడుగు రామమూర్తి వ్యావహారికోద్యమాన్ని ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ చీలిక కొత్తది కాదు. అరబ్బీ రచయితలలోనూ దీనిపై ఏకాభిప్రాయం లేదు. నజీబ్ మహఫూజ్ పాత్రల చేత ఫుస్‌హాలోనే మాట్లాడించగా, యూసుఫ్ ఇద్రీస్ ఈజిప్టు వాడుక మాటను సంభాషణలలోకి తెచ్చాడు. కనుక అనువాదకుడు ముందుగా మూలంలోని మాట ఏ రూపానిదో తేల్చుకోవాలి, ఎందుకంటే ఫుస్‌హా సంభాషణను యాసలోకి దించడమూ పొరపాటే.

ఉదాహరణకు కువైట్ ఇంటి యజమానురాలు తాళంచెవి కనబడక పనిమనిషిని ‘షిఫీచ్? వేన్ అల్‌మిఫ్తాహ్?’ అని అడిగిందనుకుంటే, ఆమె ‘మామా, అనా మా ఫీ మాలూమ్’ అని జవాబిస్తుంది, యజమానురాలు ‘ఖలాస్, మా అలేహ్. యల్లా, రూహీ’ అని ముగిస్తుంది. దీన్ని నిఘంటువు పట్టుకొని ‘నీకేమి సంభవించినది? తాళంచెవి ఎచ్చట నున్నది?’ అని రాస్తే అర్థం చేరినా మనిషి చేరదు. ‘షిఫీచ్’ చివరి ‘చ్’ ఎదుటి వ్యక్తి స్త్రీ అని చెబుతుంది. పురుషుడైతే ‘షిఫీక్’ అయ్యేది. తెలుగులో ‘నువ్వు’కు స్త్రీపురుష భేదం లేకపోయినా పిలుపుకు ఉంది కాబట్టి, ఆ ‘చ్’ పనిని ‘ఏంటే’, ‘ఏంటమ్మా’ అనేవి చేయగలవు. అయితే అరబ్బీ ప్రత్యయంలో లేని చనువో, చిన్నచూపో ‘ఏంటే’లో చేరే అవకాశం ఉన్నందున, యజమానురాలి స్వభావం చూసే వాటిలో ఒకదాన్ని ఎంచుకోవాలి. కాస్త మెత్తని మనిషైతే ‘ఏమైందమ్మా? తాళం ఏది?’ అని, చివర ‘సర్లే, పోనీ. ఇంక వెళ్ళు’ అని రాస్తే సరిపోతుంది. ‘ఖలాస్’కు ‘సమాప్తం’ అని, ‘యల్లా’కు దాని వ్యుత్పత్తిని బట్టి ‘ఓ దేవుడా’ అని రాయడం అనువాదం కాదు. అలాగే ‘వల్లాహ్’ అన్న ప్రతిచోటా దేవుడి మీద ఒట్టు వేయించనక్కరలేదు, చాలాచోట్ల అది ‘నిజంగా’ అన్నంత తేలిక మాట.

ఇంతకంటే చిక్కైనది పనిమనిషి జవాబు. ‘అనా మా ఫీ మాలూమ్’ అనేది అరబ్బులు తమలో తాము మాట్లాడుకునే వాక్యం కాదు; వలస కార్మికులకు, యజమానులకు మధ్య పుట్టిన, వ్యాకరణం బాగా కుదించుకుపోయిన మిశ్రమ భాష, అంటే పిడ్జిన్. అందులో ‘మా ఫీ’ ఒక్కటే రకరకాల వ్యతిరేకార్థాలకు సరిపోతుంది. దీన్ని ‘నాకు తెలీదు’ అని చక్కగా రాస్తే ఆమె పరాయి భాషలో తడుముకుంటున్నదన్న సంగతి పోతుంది. ‘నేను తెలీదు’ అని ఒక్క విభక్తి మార్చితే ఆ తడబాటు తెలుస్తుంది, అర్థమూ చెడదు. అదే స్త్రీ ఫోనులో మురమళ్ళలోని అమ్మతో మాట్లాడేటప్పుడు వాక్యం సాఫీగా, గోదావరి ‘ఆయ్’తో, ‘అండీ’తో సాగాలి, ఆ తేడా చూసి పాఠకుడు ఆమెకు రెండు భాషల మధ్య ఉన్న దూరాన్ని గ్రహిస్తాడు. ‘మామా’ను మాత్రం తెలుగు లిపిలో అలాగే ఉంచితే యజమానురాలు మామగారైపోతుంది, ‘అమ్మగారూ’ అంటే పాత భూస్వాముల లోగిలి కళ్ళకు కడుతుంది. తిరిగివచ్చినవారి నోట సహజంగా వినబడే ‘మేడమ్’ ఇక్కడ మేలు.

పుస్తకభాషను తప్పించుకోబోయి యజమానురాలి చేత కోనసీమ యాస మాట్లాడించడం మరో లోపం. ‘ఆయ్’ అనగానే ఆమె అమలాపురం మనిషి అయిపోతుంది. వాడుక క్రియారూపాలు, పొట్టి వాక్యాలు, ‘లే’, ‘కదా’, ‘మరి’ వంటి చిన్న మాటలు ఏ ఊరి ముద్రా వేయకుండానే చనువును తెస్తాయి కనుక, అరబ్బు పాత్రలకు అవి చాలు. యాస గోదావరి మనుషులకే ఉండాలి. ‘నేను తెలీదు’ వంటి విరుపు కూడా ఒక సంభాషణలో ఒకటి రెండుసార్లకు మించకూడదు, మించితే పాఠకుడు ఆ స్త్రీ కష్టాన్ని వదిలి ఆమె భాషను చూసి నవ్వడం మొదలుపెడతాడు.