నలుపులో వెలుగు చెక్కే చేయి

లినోలియం పలక మీద ముఖం చెక్కేవాళ్ల చేతిని చూస్తూ ఉండాలనిపిస్తుంది. ఉన్నది ఒక్క నల్ల సిరా. బూడిద రంగు లేదు. అయినా చెంప గుండ్రంగా తేలుతుంది.

ముందు ఫోటోను నాలుగు ఛాయలుగా విడగొడతారు. ముఖం తిరగబడి అచ్చవుతుంది కనుక అద్దంలోలా తిప్పి పలకకు ఎక్కిస్తారు. ఉలి తీసినచోట తెలుపు, వదిలినచోట నలుపు. జుట్టునూ మెడ కింది నీడనూ అసలు ముట్టుకోరు. దవడ పక్కన వీ ఆకారపు సన్న ఉలితో ఒకే దిక్కు గీతలు లాగుతారు. చెంప మీద వాటిని అడ్డంగా కోస్తూ రెండో వరస వేస్తారు. నుదుటి మెరుపును పూర్తిగా తవ్వేస్తారు.

అసలు పనితనం గీత దిక్కులో ఉంది. చెంప గీత చెంపతోపాటే వంగాలి, లేకపోతే ముఖం చదునైపోతుంది. ఛాయ మారే చోట గీతలన్నీ ఒకే వరుసలో ఆగితే అక్కడ అంచు కట్టినట్టవుతుంది. అందుకే మంచి పనివాళ్లు గీత చివర ఉలిని మెల్లగా పైకి లేపి దాన్ని సన్నగా ముగిస్తారు.

రెండు వరసల మధ్య కోణం మరీ తక్కువైతే మిగిలిన చిన్న గళ్లు సూదిమొనల్లా సాగి, ఊడిపోతాయి. గీత లోతు చాలకపోతే సిరా నిండి చెంప మసకబారుతుంది. ఊడిన గడిని తిరిగి అతికించలేం. ఈసారి లినోకట్ ముఖం కనబడితే ముందు కళ్లను కాదు, చెంపను చూడండి.