సర్వర్ ఎక్కడుంది, సాక్ష్యం ఏనాటిది

2022 జూన్ 2న ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్ మన దేశంలో ఉన్న తన సర్వర్లన్నీ తీసేస్తున్నట్టు ప్రకటించింది. కారణం అంతకు అయిదు వారాల ముందు, ఏప్రిల్ 28న, ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ జారీ చేసిన ఆదేశాలు. వాటి ప్రకారం వీపీఎన్ అమ్మేవాళ్ళు తమ చందాదారు పేరు, చిరునామా, ఫోన్ నంబరు సరిచూసి రాసిపెట్టాలి. ఏ ఐపీ ఇచ్చారు, ఎందుకు తీసుకున్నాడు అన్నదీ రాయాలి. అతను ఖాతా మూసేశాక కూడా ఇదంతా కనీసం అయిదేళ్ళు ఉంచాలి. సిస్టమ్ లాగ్‌లయితే 180 రోజులవి ఎప్పుడూ చేతిలో ఉండాలి. స్టీల్‌ప్లాంటులాంటి సంస్థలు తమ ఉద్యోగుల కోసం నడుపుకునే వీపీఎన్‌కు చందాదారుల నిబంధన వర్తించదని తర్వాత వివరణ ఇచ్చారు. అది ఎవరి పేరూ దాచడానికి పెట్టింది కాదు కాబట్టి ఆ మినహాయింపు సబబే.

ఆ కంపెనీ వెళ్ళిపోగానే చాలామంది, "చూశారా, నిజంగానే లాగ్‌లు పెట్టరు, అందుకే పోయారు" అన్నారు. నేను అంత దూరం వెళ్ళలేను. చట్టానికీ, తాము ఇచ్చిన మాటకూ పొంతన కుదరదని వాళ్ళు ఒప్పుకున్నట్టయింది, అంతవరకే. మర్నాడు వాళ్ళ మిగతా మిషన్లలో ఏం రాసుకుంటున్నారో దాన్నిబట్టి తెలియదు. పైగా భారతీయులకు సేవ అందించేవాళ్ళు ఎక్కడున్నా తమ ఆదేశాలు వర్తిస్తాయన్నది సెర్ట్-ఇన్ మాట. సర్వర్ ఇక్కడ లేకపోతే పోలీసులు నేరుగా వెళ్ళి పట్టుకోవడానికి మిషను ఉండదు. ఆదేశం మాత్రం అలాగే ఉంటుంది. న్యాయపరిధి వల్ల నిజంగా మారేది ఎవరు ఎంత తేలిగ్గా అడగగలరన్నదే. అడిగినప్పుడు ఇవ్వడానికి ఏముందన్నది వేరే ప్రశ్న.

భారతీయ ఐపీ కావాలన్నవాళ్ళకు ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్ వాళ్ళు సింగపూర్‌లోనూ బ్రిటన్‌లోనూ మిషన్లు పెట్టి 'ఇండియా' అని చూపిస్తున్నారు. ఆ సంగతి వాళ్ళు దాచలేదు. చెప్పకుండా సర్వర్‌కు వేరే దేశం పేరు పెట్టేవాళ్ళను పట్టుకోవడానికి మాత్రం మనకో దారుంది. వీపీఎన్ ఆపేసి, ఆ సర్వర్ ఐపీకి ఇంటి కనెక్షన్ నుంచి `ping` కొట్టాలి. ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకు దాదాపు 200 కిలోమీటర్లు పోతుంది. విశాఖ నుంచి లండన్ సూటిగా కొలిస్తే సుమారు 8,000 కిలోమీటర్లు. అంటే పోయి రావడానికి కనీసం 80 మిల్లీసెకన్లు. లండన్ సర్వర్ అని చెప్పినది 40లో జవాబిస్తే అది లండన్‌లో లేదు, ఇంకో మాట లేదు. ఆలస్యంగా జవాబిస్తే మాత్రం ఏమీ తేలదు. దారి చుట్టు తిరిగి ఉండొచ్చు, మిషను పనిలో మునిగి ఉండొచ్చు. మన చేత్తో మనం చేయగలిగిన పరీక్ష దాదాపు ఇదొక్కటే. అదీ అబద్ధాన్ని పట్టిస్తుందే తప్ప నిజాన్ని నిరూపించదు.

లాగ్‌లు లేవనడానికి గట్టి సాక్ష్యం ఎలా ఉంటుందో కూడా ఇదే కంపెనీ కథలో ఉంది. 2016 డిసెంబరులో టర్కీలో రష్యా రాయబారి ఆంద్రే కార్లోవ్‌ను కాల్చి చంపారు. హంతకుడి జీమెయిల్, ఫేస్‌బుక్ ఖాతాల్లోంచి ఎవరో సమాచారం చెరిపేశారని, అలా చేసినవాళ్ళు ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్ సర్వర్ వాడారని దర్యాప్తు అధికారులు అనుకున్నారు. ముందు కంపెనీని అడిగారు. లాగ్‌లు లేవని జవాబొచ్చింది. అప్పుడు టర్కీలో ఉన్న సర్వర్‌నే స్వాధీనం చేసుకుని చూశారు. అందులో పనికొచ్చేదేమీ దొరకలేదు. ఇక్కడ మిషను తెరిచినవాళ్ళు కంపెనీ డబ్బిచ్చి పిలిచినవాళ్ళు కారు. దొరకాలని గట్టిగా కోరుకున్నవాళ్ళు. నా దృష్టిలో ఈ సాక్ష్యానికి ఉన్న బరువంతా అక్కడుంది.

స్వీడన్‌లో 2023 ఏప్రిల్ 18న మల్‌వాడ్ ఆఫీసుకు పోలీసులు సోదా వారెంటుతో వెళ్ళి ఖాళీ చేతులతో తిరిగొచ్చిన సంగతిని కూడా దీని పక్కనే పెడుతుంటారు. అది కాస్త తక్కువ రకం సాక్ష్యం. అక్కడ పోలీసులు సర్వర్లు విప్పి చూడలేదు. మీరు వెతికేది మా దగ్గర ఉండదని కంపెనీ వివరిస్తే, ప్రాసిక్యూటర్‌తో మాట్లాడి వెళ్ళిపోయారు.

మళ్ళీ టర్కీకి వద్దాం. అది 2017 నాటి ఒక్క సర్వర్ సంగతి. 2021 సెప్టెంబరులో కేప్ టెక్నాలజీస్ ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్‌ను 93.6 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. యజమాని మారాడు. కొత్త యజమాని మంచివాడా కాదా అని నేను అనడం లేదు. పాత యజమాని రోజుల్లో వచ్చిన సాక్ష్యాన్ని కొత్త యజమాని ఖాతాలో జమ వేయకూడదంటున్నాను. ఈ ఖాళీ పూడ్చడానికే ఆడిట్లు ఉన్నాయి. 2022లో ఇదే కంపెనీ కేపీఎంజీ చేత చేయించింది.

మర్చంట్ నేవీలో పనిచేసే మా మేనల్లుడు, "మావయ్యా, అంత పెద్ద ఆడిట్ కంపెనీ సంతకం పెట్టాక ఇంకేం చూడాలి?" అన్నాడు. నువ్వు రోజూ చూసే బీఎల్‌లో ఏముంటుందిరా అని అడిగాను. మన కంటెయినర్ టెర్మినల్‌లో సీల్ వేసి వచ్చిన పెట్టెకు ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్‌లో 'సెడ్ టు కంటెయిన్' అని ఉంటుంది. లోపల ఫలానా సరుకుందని పంపినవాడు చెప్పాడు, మేం విప్పి చూడలేదు అని దానర్థం. పెట్టె అందినట్టు, సీల్ ఉన్నట్టు ఓడవాళ్ళు సంతకం పెడతారు. లోపలి సరుకుకు పూచీ వాళ్ళది కాదు. వాడికి వెంటనే తట్టింది. ఆడిటర్లు అలా చూడకుండా సంతకం పెడతారని కాదు. సెట్టింగులు చూస్తారు, కొన్ని సర్వర్లు తీసి పరీక్షిస్తారు, ఇంజనీర్లను ప్రశ్నిస్తారు. కానీ తమ వ్యవస్థ ఇలా ఉంటుందని కంపెనీ యాజమాన్యం రాసిచ్చిన వర్ణనతో పోల్చే చూస్తారు. ఆ వర్ణనలో లేనిది వాళ్ళ పనిలోకి రాదు. కాబట్టి రిపోర్టు చేతికొస్తే నేను ముందు ముగింపు చదవను. ఏమేం చూశారన్న పేజీ చదువుతాను. తర్వాత, అది ఒక్క తేదీ నాటి స్థితా లేక కొన్ని నెలల పాటు పనితీరు గమనించారా అన్నది చూస్తాను. రిపోర్టు మొత్తం ఇవ్వకుండా ప్రెస్‌నోట్ మాత్రమే పెట్టినవాళ్ళ ఆడిట్‌ను లెక్కలోకి తీసుకోను.

పరిధి అంత ముఖ్యం ఎందుకన్నది 2024 ఫిబ్రవరిలో తేలింది. 2022 మే నుంచి వచ్చిన విండోస్ యాప్‌లో లోపముందని ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్ స్వయంగా చెప్పింది. స్ప్లిట్ టనెలింగ్ పెట్టుకున్న కొందరి డీఎన్ఎస్ ప్రశ్నలు, అంటే ఏ సైట్ తెరుస్తున్నారన్న సమాచారం, సొరంగంలోంచి కాకుండా బయటినుంచి పోయాయి. సాధారణంగా అవి చేరేది వాళ్ళ ఇంటర్నెట్ కంపెనీకే. దాన్ని బయటపెట్టింది ఆడిటర్ కాదు, సీనెట్ సమీక్షకుడు. సర్వర్లలో లాగ్‌లు లేవన్న మాట ఆ రెండేళ్ళూ నిజమే అయ్యుండొచ్చు. అయినా ఆ కొందరు చూసిన సైట్ల జాబితా వేరేచోట తయారవుతూనే ఉంది.

'లాగ్‌లు' అన్న మాటనూ ఎవరికి తోచినట్టు వాళ్ళు వాడతారు. మీరు ఏ సైట్ చూశారో రాసుకోకుండా, ఎప్పుడు ఏ ఐపీ నుంచి వచ్చి కలిశారో రాసుకున్నా కొందరికి అది 'నో లాగ్స్' కిందే లెక్క. 2017లో అమెరికాలో ఒక వేధింపుల కేసులో ఎఫ్‌బీఐకి ప్యూర్‌వీపీఎన్ ఇచ్చినది ఆ రెండో రకమే. ఒకే చందాదారు రెండు ఐపీల నుంచి కలిశాడని చెప్పారు. ఒకటి నిందితుడి ఇంటిది, రెండోది అతని ఆఫీసుది. కేసు అల్లడానికి అది బాగా పనికొచ్చింది. ఆ నిందితుడు దొరకడం మంచిదే. అయితే వేరే దేశంలో, వేరే చట్టం కింద, ఒక విలేకరి పేరు కూడా అలాంటి రెండు వరుసలతోనే కలిపేయొచ్చు.

మా మేనల్లుడికి నేను మూడు మాటలు చెప్పాను. బ్యాంకు కార్డుతో కట్టిన చందా బ్యాంకులో నీ పేరు మీదే ఉంటుంది, ఆ రికార్డును ఏ వీపీఎన్ ఆడిటూ తాకదు. రేవుల్లో వైఫై నడిపేవాళ్ళకు నీ ట్రాఫిక్ కనిపించకూడదన్నదే నీ అవసరమైతే వీపీఎన్ సరిపోతుంది. ఒకేసారి మూడేళ్ళకు కట్టకు, ఏడాదికే తీసుకో. వచ్చే ఏడాదికి యజమాని ఎవరో, రిపోర్టు ఏ తేదీదో మళ్ళీ చూసి అప్పుడు కట్టొచ్చు.