యాస తీసేసినా గొంతు మిగలాలి

తుర్కయంజాల్ నేపథ్యంగా నలుగురి నోట నవల చెప్పించబోయే రచయితకు మొదటి ఉచ్చు పన్నేది ఆ ఊరే. సాగర్ రోడ్డు మీద ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా నాలుగు రకాల తెలుగు చెవిన పడుతుంది. పాత ఊరివాళ్లది ఒక మాట, దిల్‌సుఖ్‌నగర్‌లో పాఠాలు చెబుతూ ఇక్కడ ఇల్లు కట్టుకున్న గుంటూరు లెక్చరర్‌ది ఇంకొకటి. అపార్టుమెంటు వాచ్‌మన్ శ్రీకాకుళం నుంచి వచ్చి ఉంటాడు, మేస్త్రీ పాలమూరు నుంచి. ఒక్కొక్కరికి ఒక్కో యాస ఇచ్చేస్తే నలుగురు కథకులు సిద్ధమైపోయినట్టే అనిపిస్తుంది. చాలా రాతప్రతులు ఇక్కడే దెబ్బతింటాయి. ముప్ఫై పేజీలు దాటాక చూస్తే నలుగురూ ఒకే బుర్రతో ఆలోచిస్తుంటారు, క్రియల చివర్లు మాత్రమే మారుతుంటాయి.

బహుకథకుల నవలలో ఈ చిక్కు తెలుగువాళ్లకు కొంచెం ఎక్కువ. మన నవలల్లో ఎక్కువభాగం యాసను కొటేషన్ గుర్తుల మధ్య ఉంచి, కథనాన్ని పత్రికల తెలుగులో నడిపించాయి. పాత్ర ఎలా మాట్లాడినా రచయిత గొంతు పక్కనే ఉండి నడిపిస్తుంది. పాత్రే కథ చెబితే ఆ ఆసరా పోతుంది. వానను, గోడను, ఎదుటి మనిషి మొహాన్ని, అన్నింటినీ ఆ మనిషి మాటల్లోనే చెప్పాలి. అది సాధ్యమేనని నామిని ‘పచ్చ నాకు సాక్షిగా’, ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ ఎప్పుడో చూపించాయి. మొదటిదాంట్లో చిత్తూరు పల్లె, రెండోదాంట్లో నెల్లూరు జిల్లా ముస్లిం ఇల్లు, కొటేషన్ గుర్తుల అవసరం లేకుండా కథనంలోనే పలుకుతాయి. అయితే ఆ రెండూ ఒక్కొక్క గొంతు పుస్తకాలు. ఆ పనిని ఒకే నవలలో నాలుగుసార్లు, నాలుగు విధాలుగా చెయ్యడం వేరు.

దానికి మనకున్న మంచి పాఠశాల నవల కాదు, నాటకం. 1892లో మొదటిసారి ప్రదర్శించి, 1897లో అచ్చువేసి, 1909లో బాగా పెంచి తిరగరాసిన ‘కన్యాశుల్కం’ను జనం యాసల కోసం మెచ్చుకుంటారు. నేను మధురవాణి కోసం చదవమంటాను. గిరీశంతో మాట్లాడే మధురవాణి, రామప్పపంతులును ఆడించే మధురవాణి, చివర సౌజన్యారావు పంతులు ముందు నిలబడే మధురవాణి ఒక్కరే. ఆమె ఎక్కువగా మార్చేది యాసను కాదు. ఎవరి ముందు ఏ మాట దాచాలో, ఏ మాట వదలాలో చూసుకుంటుంది. ఎదుట వినే మనిషిని బట్టి ఆమె వాక్యం పొడవు మారుతుంది, వెటకారం పాలు మారుతుంది. నవల రాసేవాళ్లు ఇక్కణ్నుంచి పట్టుకెళ్లాల్సిన ప్రశ్న ఒకటుంది. నా కథకుడు ఈ కథను ఎవరికి చెబుతున్నాడు? ఆ వినేవాడు లేకుండా గాలిలోకి చెప్పించిన అధ్యాయాలే ఒకదానిలా ఒకటి తయారవుతాయి.

నవలల్లోకి వస్తే, టాగోర్ ‘ఘరే బైరే’ 1916లో పుస్తకంగా వచ్చింది. బిమల, నిఖిలేశ్, సందీప్ వంతులవారీగా తమ ఆత్మకథలు చెప్పుకుంటారు. ముగ్గురి తర్కాలూ ఒకదానికొకటి పడవు. కానీ ముగ్గురూ ఉపమానాలు అల్లడంలో మాత్రం ఒకే ఇంటి పిల్లల్లా ఉంటారని నాకనిపిస్తుంది. అభిప్రాయాలు వేరైనంత మాత్రాన గొంతులు వేరైపోవు.

ఇక తుర్కయంజాల్‌కు వద్దాం. మాసబ్ చెరువు ఆ ఊరి చెరువు. దాని ఒడ్డున ఒక నవలను ఊహించుకుందాం. ఇందులో కాలనీ, మనుషులు, వరద అన్నీ కల్పితమే. చెరువు ఎఫ్‌టీఎల్ హద్దు లోపల, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే శికం భూమిలో, ఒకడు ప్లాట్లు వేసి అమ్మాడు. ఓ వానాకాలం రాత్రి ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. కథకులు నలుగురు: ఒకప్పుడు ఆ శికంలో సాగుచేసిన ఎల్లమ్మ, ప్లాట్లు అమ్మిన ఆమె మరిది కొడుకు శీను, ఇల్లు కొనుక్కున్న లెక్చరర్ ప్రసాద్, అతని భార్య పద్మ. ఈ నలుగురిని ఎంచడంలో ఒక లెక్క ఉంది. ఎల్లమ్మది, శీనుది ఒకే ఇంటి యాస. ప్రసాద్, పద్మ కూడా అంతే. అందుకని యాస మనకు సగం పనే చేసిపెట్టగలదు. మిగతా సగం వేరే దారిలో తెచ్చుకోవాలి.

ఎల్లమ్మ మనవరాలికి చెబుతోంది:

“చెరువు నిండినప్పుడు నీళ్లు శికంలకు రావా బిడ్డా? మీ తాత అండ్లనే ఎండకాలం దోసతీగెలు పెడ్తుండె. వానకాలమొస్తె మేమే దూరం జరుగుతుంటిమి. గిప్పుడాడ గోడలు లేసినయి. నీళ్లకేమెర్క?”

శీను పోలీసు స్టేషన్‌లో చెబుతున్నాడు:

“కాయిదాలన్నీ చూపెట్టినం సార్. చూసుకున్నంకనే తీసుకున్నరు. ప్లాటు అమ్ముడువోయింది, రిజిస్ట్రేషన్ అయింది. గప్పుడెవ్వలూ చెరువు సంగతి అడగలే.”

ఇద్దరిదీ ఒకే యాస. ఎల్లమ్మ వాక్యాల్లో చెరువుకు, మనిషికి కాలం ప్రకారం ఒక ఒప్పందం ఉంది. ‘దూరం జరుగుతుంటిమి’ లాంటి అలవాటు క్రియలు ఆమెవి. శీను వాక్యాల్లో ‘నేను’ కనబడదు. ప్లాటు తనంతట తానే అమ్ముడుపోయింది, రిజిస్ట్రేషన్ దానంతట అదే అయింది. తప్పనిసరిగా చేసినవాణ్ని చెప్పాల్సి వస్తే ‘చూపెట్టినం’ అని గుంపులో దాక్కుంటాడు. అతని మాట వచ్చిన ప్రతిచోటా ఈ ఒక్క నియమం పాటిస్తే చాలు, అధ్యాయం మొదట్లో పేరు వెయ్యకపోయినా అతన్ని పాఠకుడు గుర్తుపడతాడు. అతను మొదటిసారి ‘నేనే అమ్మిన’ అన్న రోజున దానికి పక్కన వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఇప్పుడు భార్యాభర్తలు. ప్రసాద్ తన నోటుపుస్తకంలో రాసుకుంటున్నాడు:

“పదకొండుకి మొదటి మెట్టు. పన్నెండున్నరకి మూడో మెట్టు. మెట్టు ఆరంగుళాలు. గంటన్నరలో అడుగు. లోను ఇంకా పదిహేనేళ్లుంది.”

పద్మ వాళ్లమ్మకు ఫోన్‌లో చెబుతోంది:

“బియ్యం డబ్బా అటక మీదకి ఎక్కించి, పాప పుస్తకాలు మంచం మీద పడేసి, ఈయనేమో మెట్లు లెక్కపెడుతుంటే ఏమనాలో తెలియక పక్కింటావిడకి చేశానమ్మా, వాళ్లు సాయంత్రమే వెళ్లిపోయారట. మనకి ఒక్కళ్లూ చెప్పలేదు.”

ప్రసాద్ ఒక్కో వాక్యాన్ని ముగించి ఊపిరి పీల్చుకుంటాడు. పద్మ ‘ఎక్కించి, పడేసి, తెలియక’ అంటూ అసమాపక క్రియలను గొలుసుకట్టి, చేతిలో పని ఆగనట్టే మాటను ఆపదు. ఆ ఇద్దరి మధ్య ఇంకో తేడా ‘వెళ్లిపోయారట’లో ఉంది. తాను చూసినదాన్ని, విన్నదాన్ని క్రియ చివరే వేరు చేసి చెప్పే వీలు తెలుగులో ఉంది. పలు గొంతుల నవలకు ఇంతకంటే పనికొచ్చే పనిముట్టు లేదు. ఎవరు కళ్లారా చూశారు, ఎవరు విని చెబుతున్నారు అన్నది పాఠకుడు ఆ ‘ట’ను పట్టుకుని లెక్క కడతాడు. ఎల్లమ్మ దాన్నే ‘పోయిన్రంట’ అంటుంది. శీను తాను చూసినదానికి కూడా ‘అంట’ తగిలించాడంటే అబద్ధం మొదలైనట్టే.

‘మనం’, ‘మేము’ కూడా ఇలాంటివే. ప్లాట్లు అమ్మేటప్పుడు శీను కొనేవాళ్లతో ‘మన కాలనీ’ అంటాడు, స్టేషన్‌లో ‘వాళ్ల కాలనీ’ అంటాడు. తల్లితో ‘మనకి’ అన్న పద్మ, భర్త గురించి చెప్పే చోట ఆ మాటలోకి అతన్ని రానిస్తుందా లేదా అన్నది ఆ కాపురం సంగతి చెప్పేస్తుంది. రచయిత ఇవన్నీ మొదటి ప్రతిలోనే పట్టుకోవాలనేం లేదు. మొదట కథ రాసేసి, రెండో ప్రతికి ముందు ఒక్కో కథకుడికి ఒక పేజీ పెట్టుకుంటే సరిపోతుంది. ఎవరికి చెబుతున్నాడు, ఏది దాస్తున్నాడు, గదిలోకి వస్తే ముందు ఏం చూస్తాడు, వాక్యం ఎలా ముగిస్తాడు, ఏ మాట నోటితో అనడు. ఆ తర్వాత అధ్యాయాల వరుసలో కాకుండా, ఒక్కో కథకుడి అధ్యాయాలన్నీ విడిగా తీసి ఒకే ఊపున దిద్దాలి. అలా చేస్తే మూడో అధ్యాయంలో ప్రసాద్ పద్మలా మాట్లాడిన చోటు అక్కడే దొరికిపోతుంది.

గొంతులు నిజంగా విడిపోయాయో లేదో చూసే పద్ధతి ఒకటుంది. పేర్లు తీసేసి పేరాలు కలిపి ఎవరికైనా చదివించడం అందరికీ తెలిసిందే, అందులో యాస సాయంతో గట్టెక్కేస్తాం. ఎల్లమ్మ పేజీని, పద్మ పేజీని తీసుకుని రెండింటినీ పత్రికల తెలుగులోకి మార్చి రాసి చూడాలి. అప్పటికీ ఇది ఎల్లమ్మది, ఇది పద్మది అని చెప్పగలిగితే గొంతు ఉన్నట్టు. రెండూ కలిసిపోతే మనం ఇన్నాళ్లూ రాసింది యాసే. పనంతా అయ్యాక ప్రూఫుల్లో ఇంకో గండం ఉంది. ‘ఎర్క’, ‘ఎరుక’, ‘ఎరికె’ మూడూ ఒకే మనిషి నోట రాకుండా పదాల పట్టిక తయారుచేసి డీటీపీకి ఇవ్వకపోతే, దిద్దేవాళ్లు మంచి మనసుతో ‘దుంకింది’ని ‘దూకింది’ చేసి పెడతారు.

ఇక ఎవరికి ఎన్ని అధ్యాయాలు? సమానంగా పంచడం తేలిక, అందుకే అందరూ అదే చేస్తారు. ఫాక్నర్ 1930 నవల ‘యాజ్ ఐ లే డయింగ్’లో 15 మంది కథకులు, 59 అధ్యాయాలు. ఒక్క డార్ల్‌కే 19 దక్కాయి. కథంతా ఎవరి శవపేటిక చుట్టూ తిరుగుతుందో ఆ తల్లి ఆడీకి ఒక్కటే, అదీ ఆమె చనిపోయి పేటిక సగం దారికి వచ్చాక. ఒక అధ్యాయమైతే ఒకే ఒక్క వాక్యం. ఆయన వంతులు వెయ్యలేదు, ఎవరికెంత తెలుసో దాన్ని బట్టి కొలిచి ఇచ్చాడు.

మన చెరువు నవలలో మొదటి రెండు అధ్యాయాలు ఎల్లమ్మకు, ప్రసాద్‌కు ఇస్తాను. వాళ్ల మధ్య దూరం ఎక్కువ కాబట్టి, గొంతు మారిందని పాఠకుడికి వెంటనే తెలుస్తుంది. ప్రసాద్‌తో పోలికలున్న పద్మను పాఠకుడి చెవి అలవాటుపడ్డాక తేవాలి. వరద రాత్రిని నలుగురి చేతా చెప్పించను. ఎల్లమ్మ ఆ రాత్రి ఊళ్లో పడుకుని ఉంది, ఆమె వల్ల కొత్త సంగతేదీ రాదు. రెండోసారి చెబితే మొదటిసారి చెప్పినదాంట్లో ఏదో ఒకటి తప్పని తేలాలి, లేకపోతే అది పేజీలు నింపడమే అవుతుంది. ప్రసాద్ తానే అందర్నీ నిద్రలేపానని రాసుకుంటాడు, పద్మ ఫోన్‌లో పాపే లేపిందని చెబుతుంది. ఆ తేడా చాలు.

శీను సంగతే కష్టం. అతనికి మొదటి నుంచీ వంతు ఇస్తే, రోజూ వినే మనిషి మీద జాలి పుట్టినట్టు అతని మీదా పుడుతుంది. అసలు ఇవ్వకపోతే మిగతా ముగ్గురూ కలిసి అతన్ని సినిమా విలన్‌ను చేసేస్తారు. మూడొంతులు అయ్యాక ఒక్క అధ్యాయం, ఆ స్టేషన్‌లోనే, పది పేజీలు మించకుండా ఇస్తాను. అతను కూర్చున్న బెంచీ మీద పక్కనే ఎల్లమ్మ ఉంటుంది. కాబట్టి శీను ప్రతి వాక్యాన్నీ ఇద్దరికి సరిపోయేలా చెప్పాలి, రాసుకునే కానిస్టేబుల్‌కు ఒకటి, పెద్దమ్మకు ఒకటి.