ఆమె రాసిన ప్రకటన

మా వీధి యోగా టీచర్ గారు కొత్త ఉదయపు బ్యాచ్‌ల గురించి రాసిన ప్రకటన నాకెంతో నచ్చింది. చాలామంది 'బిగినర్స్', 'అడ్వాన్స్‌డ్' అని రాసి వదిలేస్తారు. తాను ఏ కోవకు వస్తాడో చదివేవాడికి ఎలా తెలుస్తుంది? ఈవిడ ఇలా రాశారు: 'అయిదున్నర బ్యాచ్: చేతుల సాయంతోనైనా నేల మీద కూర్చుని లేవగలిగితే చాలు. ఆరుముప్పావు బ్యాచ్: ఆయాసం లేకుండా ఆరు సూర్యనమస్కారాలు చేసేవారికి.' అంతే, ఎవరి చోటు వాళ్లకు తెలిసిపోయింది.

ఫీజు నెలకు 1,200 అని, మానేసిన రోజులకు బదులుగా అదే నెలలో రెండో బ్యాచ్‌కు రావచ్చని ఒక్క వాక్యంలో తేల్చేశారు.

ట్రయల్ క్లాసు దగ్గరే ఆమె పనితనం కనిపిస్తుంది. శనివారం ఉచితం, పరగడుపున రావాలి. పేరు, వయసు, ఆపరేషన్లు, బీపీ, మోకాళ్ల నొప్పి ఉంటే ఆ వివరాలు ముందురోజే మెసేజ్ పెడితేనే సీటు ఖాయం. ఎందుకో మా అక్కతో వెళ్లినప్పుడు అర్థమైంది. అక్కకు బీపీ ఎక్కువ. తల కిందికి వాలే పర్వతాసనం అందరూ వేస్తుంటే, టీచర్ గారు అక్కను మాత్రం గోడ దగ్గరికి పిలిచి, రెండు అరచేతులూ భుజాల ఎత్తున గోడకు ఆనించి, నడుము దగ్గర సగమే వంగమన్నారు. 'ఊపిరి బిగబట్టకండమ్మా' అని రెండుసార్లు చెప్పారు.

బ్యాచ్‌కు పన్నెండు మందే. పదమూడో మనిషి వీపు తనకు కనబడదట.